బ్లాంక్ వర్స్‌లో కవిత రాస్తే ఎక్కాలు అప్పజెప్పినట్టు వస్తోంది, ఏం చేయాలి?

ప్రశ్న: ఊరు వదిలి వైజాగ్ వచ్చేసిన సంగతి మీద ఒక కవిత రాస్తున్నా. ఇంగ్లిష్ బ్లాంక్ వర్స్ పద్ధతిలో పాదానికి పది అక్షరాలు, ఐదు దెబ్బలు, ప్రాస లేకుండా. లెక్క సరిపోతోంది కానీ పైకి చదివితే పిల్లలు ఎక్కాలు అప్పజెప్పినట్టుంది. మనిషి తనలో తను మాట్లాడుకున్నట్టు రావాలంటే ఎలా?

జవాబు:

ముందు ఆ పది అక్షరాల లెక్క పక్కన పెట్టేయండి. ఇంగ్లిష్‌లో మాటకి ఒక చోట ఊనిక పడుతుంది, ఆ ఊనికల్ని ఐదు లెక్కపెడితే పాదం అవుతుంది. మనకి అలాంటి ఊనిక లేదు, మన చెవి పట్టుకునేది అక్షరం పొడవుని. పొట్టి అక్షరానికి ఒక మాత్ర, పొడుగుదానికీ ఒత్తక్షరం ముందున్నదానికీ రెండు. "ఎనిమిది" నాలుగక్షరాలే, "కూర్చున్నాను" కూడా నాలుగక్షరాలే, కానీ మొదటిది నాలుగు మాత్రలు, రెండోది ఏడు. రెంటినీ ఒకే తూకం అనుకుని ఐదు దెబ్బల్లో ఇరికిస్తే ఒకచోట సాగదీయాలి, ఒకచోట మింగాలి, అందుకే ఎక్కాల పాట వస్తోంది.

నేనూ ఇదే గోతిలో పడ్డాను. నాన్న చనిపోయిన ఏడాది ఒక కవిత మొదలుపెట్టి రెండు నెలలు ఐదు దెబ్బలతోనే కుస్తీ పట్టాను. తర్వాత తట్టింది, ప్రాస లేని పాదం మనకి ఎప్పటినుంచో ఉంది కదా అని. మంజరీ ద్విపద. ద్విపదలోంచి ప్రాస తీసేస్తే మంజరి, పల్నాటి వీరచరిత్ర నడిచేది అందులోనే. పాదానికి మూడు ఇంద్రగణాలు, చివర ఒక సూర్యగణం. ఇంద్రగణాలు ఆరు రకాలు, వాటిలో రెండు నాలుగు మాత్రలవి, నాలుగు ఐదు మాత్రలవి. సూర్యగణం మూడు మాత్రలు. అంటే పాదం 15 మాత్రల నుంచి 18 దాకా ఎక్కడైనా ఉండొచ్చు, ఆ కొంచెం వదులు ఛందస్సులోనే ఉంది. (గురజాడ ముత్యాల సరం కూడా ప్రయత్నించాను. 3+4, 3+4 నడక అందంగా ఉంటుంది కానీ నా చేతిలో అది పాట అయిపోయింది, ఆలోచన అవలేదు.)

మొదట ఇలా రాశాను:

సాగర తీరాన సంధ్యలో నిలిచి
నాన్నను తలచాను నా మదిలోన

గణాలు చూడండి: సాగర | తీరాన | సంధ్యలో | నిలిచి. ఒక్క తప్పు లేదు, యతి కూడా కుదిరింది, పాదం మొదటి "సా"కి మూడో గణం మొదట్లో "సం" కలిసింది. అయినా చచ్చిన పద్యం. ఎందుకంటే ప్రతి గణం ఒక మాట దగ్గరే ఆగుతోంది, ప్రతి పాదం దగ్గర ఊపిరి ఆగుతోంది, గుర్రబ్బండి నడక. ఇక "నా మదిలోన" అన్నది కేవలం యతి కోసం వచ్చింది. తలచుకునేది ఇంకెక్కడ, మోచేతిలోనా? వైజాగ్‌లో ఏ మనిషీ బీచ్‌ని సాగర తీరం అనడు.

అప్పుడు యతి కూడా వదిలేశాను. జరిగిందేంటో ముందు మామూలు మాటల్లో రాసుకున్నాను. నాన్న పోర్టులో పనిచేసి రిటైరయ్యాడు. సాయంత్రం ఆర్కే బీచ్ గట్టు మీద కూర్చుని, హార్బర్‌లోకి వెళ్ళడానికి దూరంగా లంగరేసుకుని ఉండే ఓడల్ని లెక్కపెట్టడం ఆయనకో పిచ్చి, నా లెక్క ఎప్పుడూ ఒకటి తక్కువ వచ్చేది. దాన్ని పాదాల్లో పెడితే మొదటి పాదం ఇలా వచ్చింది: "గట్టు మీద ఒకణ్ణి కూర్చుని నిన్న". గణాలు సరిపోయాయి. మా అక్కకి చదివి వినిపిస్తే "ఒకణ్ణి ఏంట్రా, ఒక్కణ్ణి అనవా నువ్వు?" అంది. అలా మారిస్తే గణం ఒక మాత్ర పొంగింది. కాసేపు తిట్టుకుని, మామూలుగా మాట్లాడేటప్పుడు ఎలా అంటానో అలా పైకి అని చూశాను, "మీదొక్కణ్ణి" అని వచ్చింది. గట్టుమీ | దొక్కణ్ణి | కూర్చుని | నిన్న. అన్నీ గణాలే! నోరు తనంతట తను కలిపేసుకునే చోట కలిపి రాస్తే చాలాసార్లు లెక్క దానికదే కుదురుతుంది, మాటని కుదించక్కర్లేదు.

చివరికి నిలిచింది ఇది:

గట్టు మీదొక్కణ్ణి కూర్చుని నిన్న
ఓడలు లెక్కపెట్టాను. నాన్నుంటే
"ఎనిమిది కాదురా, తొమ్మిది" అంటూ
వేలు చూపేవాడు పొగమంచులోకి.

రెండో పాదం విడదీస్తే: ఓడలు | లెక్కపె | ట్టాను. నా | న్నుంటే. మాట గణం గట్టు దాటి అవతలికి పోయింది, వాక్యం మూడో గణం మధ్యలో ఆగింది, కొత్త వాక్యం అక్కడే మొదలై కింది పాదాల్లోకి జారింది. తాళం లోపల నడుస్తూనే ఉంటుంది కానీ మీకు వినపడేది మాట. నన్నడిగితే వదులు చేయడమంటే ముందు ఇదే, మాత్రలు ఎగ్గొట్టడం కాదు. గణం ఒక చోట, మాట ఇంకో చోట విరగాలి. ప్రతి పాదంలో కనీసం ఒక్కసారైనా అలా అవుతోందా చూసుకోండి. పై మూడో పాదంలో అవలేదు, కావాలనే వదిలాను, అది నాన్న లెక్కపెట్టే గొంతు, ఠకఠకమనాలి.

తర్వాతే అసలు సడలింపు. "నాన్నుంటే", "అంటూ" దగ్గర చివరి గణం మూడు మాత్రలు ఉండాల్సింది నాలుగు అయింది. "నాన్నుంటె", "అంటు" అని కుదిస్తే సరిపోతుంది కానీ పాత పద్యం వాసన వస్తుంది. పాదం చివర ఎలాగూ కాస్త ఆగుతాం, ఆ ఒక్క మాత్ర ఆ విరామంలో కలిసిపోతుంది. కానీ రెండు పాదాలు అలా వదిలాక నాలుగోదాన్ని "లోకి" అని సరిగ్గా మూడు మాత్రల మీద దించాను. వరసగా మూడో పాదం కూడా పొంగితే చెవికి గీత ఎక్కడుందో తెలియదు. పాదం మధ్యలో అయితే ఒక్క గణాన్ని ఆరు మాత్రల దాకా పోనిస్తాను, అదీ మాట నిజంగా బరువైన చోట, పక్కపక్క గణాలు రెండూ మాత్రం ఎప్పుడూ కాదు. ఇంగ్లిష్ వాళ్ళు పాదం మొదట్లో దెబ్బని తిరగేసి చివరిదాన్ని ఎక్కువగా కదపరు. మనకి పాదం చివరి విరామం పొడుగ్గా ఉంటుంది కాబట్టి నాకు చివరే తేలిక అనిపించింది, మీకు వేరేగా అనిపించొచ్చు.

చిన్న సంగతి, "చూపేవారు" అన్నా మాత్రలు అవే. కానీ మా ఇంట్లో నాన్నని ఏకవచనంలోనే అంటాం, "వారు" పెట్టగానే ఎవరో పెద్దమనిషి వచ్చి గట్టు మీద కూర్చున్నాడు.

ఎక్కువ వదిలేశామా అని తెలుసుకోడానికి నేను చేసేది ఒకటే. పాదాలన్నీ కలిపేసి పేరాలా టైప్ చేసి, కవిత చూడని వాళ్ళతో చదివించి ఫోన్‌లో రికార్డ్ చేస్తాను. తర్వాత అది వింటూ పాదానికి నాలుగు చొప్పున వేలితో తట్టుకుంటాను. వేలు నాలుగైదు పాదాల దాకా తడబడకపోతే బానే ఉంది. చదివినవాళ్ళు రాగం తీశారంటే ఇంకా బిగువుగా ఉంది. నా వేలు రెండో పాదానికే దారి తప్పితే అది ముక్కలు చేసిన వచనం, అప్పుడు ముందు పాదాల చివరి గణాలు బిగిస్తాను, మధ్యలో వాటి జోలికి పోను.

మీ కవితలో ఒక నాలుగు పాదాలు కింద పెట్టండి, విడదీసి చూద్దాం. పది అక్షరాల లెక్కతో రాసినవే పెట్టండి, దిద్దినవి కాదు.