డీసీఎఫ్‌లో టెర్మినల్ గ్రోత్ కొంచెం కదిపితే విలువ అంత ఎందుకు ఎగురుతోంది?

ప్రశ్న: రెండు దశల డీసీఎఫ్ వేశాను. ఈ ఏడాది ఫ్రీ క్యాష్ ఫ్లో 100. వచ్చే ఐదేళ్ళు ఏటా 10 శాతం పెరుగుదల, డిస్కౌంట్ రేటు 11 శాతం, నికర అప్పు 700. టెర్మినల్ గ్రోత్ 4 నుంచి 5 శాతం చేస్తే చాలు, ఈక్విటీ విలువ ఐదో వంతు పెరిగిపోతోంది. షీట్‌లో ఎక్కడైనా తప్పుందా? అసలు ఈ అంకె ఎంత పెట్టాలి?

జవాబు: కూడికలూ తీసివేతలూ సరిగ్గానే ఉన్నాయి. మీ అంకెలు నేనూ వేసి చూశాను. ఐదేళ్ళ క్యాష్ ఫ్లోల నేటి విలువ దాదాపు 487. ఐదో ఏడాది క్యాష్ ఫ్లో 161. దాన్ని 4 శాతం పెంచి, 11 లోంచి 4 తీసేసిన 7 శాతంతో భాగిస్తే టెర్మినల్ వాల్యూ 2,393, నేటి విలువలో 1,420. మొత్తం 1,907. అంటే ముప్పావు వంతు విలువ ఐదేళ్ళ తర్వాతి కాలం నుంచే వస్తోంది. 5 శాతం పెడితే మొత్తం 2,159 అవుతుంది, అంటే 13 శాతం ఎక్కువ. అప్పు 700 మాత్రం కదలదు కాబట్టి ఈక్విటీ 1,207 నుంచి 1,459కి పోతుంది. మీరన్న ఐదో వంతు అదే.

అయితే తప్పు మరోచోట ఉంది. వాల్యుయేషన్ పనిలో చాలా ఏళ్ళు ఉన్నాను, నా ముందుకొచ్చిన మోడల్స్‌లో ఎక్కువ వాటిలో ఇదే చూశాను. గ్రోత్ గడిలో అంకె మారుస్తారు, ఆ గ్రోత్‌కి కావాల్సిన పెట్టుబడిని మాత్రం ముట్టుకోరు. ఎదుగుదల ఉచితంగా రాదు. కొత్త యంత్రాలు, అదనపు సరుకు, కస్టమర్ల దగ్గర ఆగిపోయే బాకీలు, ఇవన్నీ ఫ్రీ క్యాష్ ఫ్లోలోంచే పోవాలి.

మీరు లాభం అంకె ఇవ్వలేదు. ఈ ఏడాది పన్ను పోను నిర్వహణ లాభం 200 అనుకుందాం. అందులో సగం తిరిగి వ్యాపారంలో పెడితే మిగిలేది మీ 100. లాభంలో సగం పెట్టి 10 శాతం ఎదుగుతోందంటే కొత్తగా పెట్టిన డబ్బుపై రాబడి 20 శాతం. మంచి కంపెనీయే. ఇప్పుడు రెండో దశ చూడండి. ఐదో ఏడాది క్యాష్ ఫ్లోనే తీసుకుని దానిపై గ్రోత్ వేశారు కాబట్టి, అక్కడ కూడా లాభంలో సగం తిరిగి పెట్టుబడిగానే పోతోంది. సగం పెట్టి 4 శాతమే ఎదిగితే రాబడి 8 శాతం. అంటే ఐదో ఏడాది దాకా 20 శాతం సంపాదించిన కంపెనీ ఆరో ఏడు తెల్లారేసరికి 8 శాతానికి పడిపోయిందన్నమాట. గ్రోత్ 5 చేస్తే ఆ రాబడి 10, 6 చేస్తే 12. మీరు మార్చింది ఎదుగుదల ఒక్కటే అనుకుంటున్నారు, కానీ లోలోపల కంపెనీ సామర్థ్యం కూడా మారిపోతోంది. విలువ ఎగరడానికి అసలు కారణం అదే.

అందుకే నేను టెర్మినల్ వాల్యూకి ఈ సూత్రం వాడతాను:

```
TV = NOPAT × (1 − g / ROIC) / (r − g)
```

NOPAT అంటే ఆరో ఏడాది పన్ను పోను నిర్వహణ లాభం, ROIC అంటే కొత్త పెట్టుబడిపై రాబడి, r డిస్కౌంట్ రేటు. g పెరిగితే కింద హారం చిన్నదవుతుంది, విలువ పెరుగుతుంది. కానీ పైన బ్రాకెట్లో g/ROIC కూడా పెరిగి, చేతికొచ్చే నగదు తగ్గుతుంది. మీ షీట్‌లో ఈ రెండో సగం లేదు.

దీంతో మీ కేసు మళ్ళీ వేద్దాం. ఐదో ఏడాదికి లాభం 322. పోటీ పెరిగి, రెండో దశలో కొత్త పెట్టుబడిపై రాబడి సరిగ్గా డిస్కౌంట్ రేటు దగ్గరికే, అంటే 11 శాతానికి దిగిందనుకోండి. గ్రోత్ 3 శాతం పెడితే కంపెనీ విలువ 2,277. 4 పెడితే 2,294. 6 పెట్టినా 2,329. మీ పద్ధతిలో ఇదే 3 నుంచి 6 మధ్య 1,717 నుంచి 2,513 దాకా ఊగుతుంది. పెట్టుబడి ఖర్చుకి సమానంగానే రాబడి వస్తుంటే ఎదిగినా ఎదగకపోయినా యజమానికి దాదాపు ఒకటే. రాబడి 14 శాతం నిలుస్తుందని నమ్మితే గ్రోత్‌కి కొంత విలువ ఉంటుంది. 4 దగ్గర 2,515, 5 దగ్గర 2,637, అంటే 5 శాతం తేడా.

నిజంగానే రాబడి 8 శాతానికి పడిపోతే? 4 శాతం గ్రోత్ దగ్గర మీ పాత 1,907 అలాగే వస్తుంది. రాబడిని 8 దగ్గరే ఉంచి గ్రోత్ 5 చేయండి, విలువ 1,741కి దిగుతుంది! 11 శాతం ఖరీదు చేసే డబ్బు తెచ్చి 8 శాతం సంపాదిస్తుంటే ఎంత ఎదిగితే అంత నష్టం. మీ షీట్ మాత్రం అదే మార్పుకి 2,159 చూపిస్తోంది.

దీనికి పూర్తిగా అడ్డం తిరిగిన మోసం ఇంకోటుంది. ఒకసారి కొనేవాళ్ళ తరఫున కూర్చున్నప్పుడు, అమ్మేవాళ్ళు పంపిన మోడల్‌లో చివరి ఏడాది కాలమ్ ఒక్కదానిలో కాపెక్స్‌ని తరుగుదలకి సమానం చేసేశారు. వర్కింగ్ క్యాపిటల్ మార్పు సున్నా. వినడానికి బాగానే ఉంటుంది, 'స్థిరపడిన కంపెనీ కదా' అంటారు. కానీ పక్క గడిలో గ్రోత్ 5 శాతం! పైసా అదనంగా పెట్టకుండా శాశ్వతంగా ఎదుగుతుందట. మీ కేసులో అలా చేస్తే 2,637 కాస్తా 3,832 అయిపోతుంది. నిజానికి ధరలు పెరుగుతున్నప్పుడు ఎదగకుండా ఉన్నచోటే ఉండాలన్నా తరుగుదల చాలదు, ఎందుకంటే తరుగుదల పాత ధర మీద లెక్క, కొత్త యంత్రం మాత్రం నేటి ధరకే కొనాలి. అందుకే ఎవరి మోడల్ చేతికొచ్చినా ముందు ఆ చివరి కాలమ్ చూడండి. గ్రోత్‌ని, లాభంలో తిరిగి పెట్టిన వాటాతో భాగించండి. వచ్చిన రాబడి ఆ వ్యాపారంలో నమ్మశక్యంగా ఉందో లేదో మీకే తెలుస్తుంది.

ఇక ఎంత పెట్టాలి అన్నది. ఏ కంపెనీ అయినా ఆర్థిక వ్యవస్థ కంటే వేగంగా శాశ్వతంగా ఎదగలేదు, లేకపోతే చివరికి కంపెనీయే ఆర్థిక వ్యవస్థ అయిపోవాలి. మీ డిస్కౌంట్ రేటులో వాడిన దీర్ఘకాల ప్రభుత్వ బాండు రాబడిని గరిష్ఠ హద్దుగా పెట్టుకోండి, దానికి తక్కువలోనే ఉండండి. క్యాష్ ఫ్లోల్లో ద్రవ్యోల్బణం కలిపి ఉంటే గ్రోత్‌లోనూ కలిపి ఉండాలి, తీసేస్తే రెండింట్లోనూ తీసేయాలి. మీకు నేనైతే 4 దగ్గర ఆపి, ROIC మీద ఎక్కువ సమయం పెడతాను. పేటెంటో, గట్టి బ్రాండో, మారడం కష్టమైన కస్టమర్లో ఉంటే డిస్కౌంట్ రేటు కంటే రెండు మూడు శాతం పైన. అలాంటిదేమీ చూపించలేకపోతే సమానంగా.

సెన్సిటివిటీ టేబుల్ కూడా g, ROIC మధ్య వేయండి, డిస్కౌంట్ రేటుకి వేరే టేబుల్ పెట్టండి. దాని ప్రభావం ఈ సూత్రంతో మాయమైపోదు. g 4, ROIC 11 దగ్గరే ఉంచి రేటుని 11 నుంచి 10కి దించితే 2,294 కాస్తా దాదాపు 2,706 అవుతుంది. కానీ ప్రభుత్వ బాండు రాబడి తగ్గిందని రేటు దించుతుంటే, గ్రోత్ హద్దు కూడా దానితోపాటే దిగాలి. ఒకటి దించి ఇంకోటి అలాగే వదిలేయడం నేను చాలా రిపోర్టుల్లో చూశాను.