అపెండిక్స్ నొప్పి బొడ్డు దగ్గర ఎందుకు మొదలవుతుంది?

ప్రశ్న: మా తమ్మునికి బొడ్డు చుట్టూ నొప్పి లేచింది. అన్నం సహించలే, వాంతి వచ్చినట్టే ఉండె. తెల్లారేసరికి నొప్పి కుడి పక్క కిందికి వచ్చింది. డాక్టర్ అపెండిక్స్ అన్నడు, ఆపరేషన్ అయింది, ఇప్పుడు మంచిగనే ఉన్నడు. నాకు అర్థం కానిది ఒక్కటే. అపెండిక్స్ కుడి పక్కనే ఉంటే ముందు బొడ్డు కాడ ఎందుకు నొచ్చింది? నొప్పి జాగ ఎట్ల మారుతది?

జవాబు: అక్కడ రెండు వేరు వేరు నొప్పులు ఉంటాయి. మొదటిది పేగు నరాల గుండా వచ్చేది, రెండోది కడుపు గోడ నరాల గుండా వచ్చేది. ఒకటి తగ్గుతూ ఇంకోటి లేస్తుంది కాబట్టి మనకు అదే నొప్పి జరిగి కిందికి వచ్చినట్టు అనిపిస్తుంది. నేను హన్మకొండలో సర్జరీ వార్డులో స్టాఫ్ నర్సుగా పనిచేస్తున్నాను. వార్డులో చాలామందిని చూసినా, మా అక్క కొడుకు విషయంలో ఈ రెండు నొప్పులూ ఏ గంటకు ఏది వచ్చిందో మొత్తం తెలుసు కాబట్టి వాడి సంగతే చెప్తా.

వాళ్లది పరకాల దగ్గర ఊరు. పిల్లవాడు ఇంటర్ చదువుతున్నాడు. సాయంత్రం ఆరింటికి బొడ్డు చుట్టూ ఏదో మెలిపెట్టినట్టు ఉందన్నాడు. ఎక్కడ అని అడిగితే వేలు పెట్టి చూపించలేదు, అరచేయి మొత్తం బొడ్డు మీద పెట్టి తిప్పాడు. ఆ రాత్రి ఇంట్లో మటన్. మటన్ అంటే గిన్నె నాకే పిల్లవాడు ముద్ద కూడా ముట్టలేదు. పదింటికి ఒక వాంతి అయింది. మా అక్క వాళ్ల అత్తగారు బొడ్డు జరిగింది, రుద్దిస్తే పోతది అన్నది. మా అక్క ఆర్ఎంపీని పిలిపించింది. ఆయన గ్యాస్ అని ఒక సూది వేసి, గోళీలు ఇచ్చి పోయాడు.

ఆ సాయంత్రం లోపల జరిగింది ఇది. అపెండిక్స్ అంటే పెద్దపేగు మొదట్లో వేలాడే సన్నటి గొట్టం. ఒక కొస మూసుకొని ఉంటుంది, ఇంకో కొస పేగులోకి తెరుచుకొని ఉంటుంది. ఆ తెరుచుకున్న వైపు గట్టిపడ్డ మలం ముక్క అడ్డం పడితే, లేదా అక్కడి గోడలో ఉండే లింఫ్ గడ్డలు వాచి దారి మూస్తే, లోపల ఊరే జిగురు బయటికి పోలేదు. ఊరడం మాత్రం ఆగదు. గొట్టం ఉబ్బుతుంది. పేగు గోడలో ఉండే నరాలకు కోస్తే తెలియదు, కాలిస్తే తెలియదు. సాగదీస్తే మాత్రం తెలుస్తుంది. ఆ సాగుడే మొదటి నొప్పి.

మరి అది బొడ్డు దగ్గర ఎందుకు? ఆ నరాలు వెన్నుపాములో ఛాతీ భాగపు పదో మెట్టు దగ్గర లోపలికి పోతాయి. డాక్టర్లు దాన్ని టీ10 అంటారు. బొడ్డు చుట్టూ ఉన్న చర్మం నుంచి వచ్చే నరాలు కూడా అదే మెట్టులో కలుస్తాయి. రెండు పోర్షన్లకు ఒకటే కాలింగ్ బెల్ ఉన్న ఇంట్లో బెల్ మోగితే ఎవరి కోసం వచ్చారో తెలియదు కదా, మెదడు పరిస్థితి కూడా అంతే. దానికి రోజూ కబుర్లు వచ్చేది చర్మం నుంచే కాబట్టి ఈ కబురు కూడా బొడ్డు నుంచే వచ్చిందని అనుకుంటుంది.

ఇంకొంచెం వెనక్కి పోతే, తల్లి కడుపులో ఉన్నప్పుడు మన పేగు నడిమధ్యలో ఒక గొట్టం. దానికి నరాలు రెండు పక్కల నుంచీ వస్తాయి. తర్వాత ఆ గొట్టం పొడుగై, మెలి తిరిగి, అపెండిక్స్ కుడి పక్క కిందికి చేరుతుంది. జాగ మారినా నరాలు పాతవే. అందుకే అపెండిక్స్ ఎక్కడ ఉన్నా దాని మొదటి నొప్పి మధ్యలోనే, ఎడమ కుడి అని చెప్పలేనట్టుగా ఉంటుంది. చిన్నపేగు దాదాపు మొత్తం కూడా ఇదే గుంపుది. కాబట్టి బొడ్డు చుట్టూ నొప్పి వచ్చిన ప్రతివాడికీ అపెండిక్స్ అని భయపడకండి. నిన్నటి బిర్యానీ పడకపోయినా అక్కడే నొస్తుంది.

ఆకలి చావడం, వాంతి వచ్చినట్టు ఉండడం కూడా ఈ సాగుడు వల్లే. పేగు ఉబ్బిందన్న కబురు మెదడుకు చేరగానే జీర్ణాశయం పని మందగిస్తుంది, కడుపులో తిప్పుతుంది. ఇక్కడ వరుస చాలా ముఖ్యం. అపెండిక్స్‌లో మామూలుగా ముందు నొప్పి, తర్వాత వాంతి. జ్వరం ఇంకా తర్వాత వస్తుంది, అది కూడా మొదట్లో పెద్దగా ఉండదు. వాంతులు, విరేచనాలు ముందు మొదలై తర్వాత కడుపు నొచ్చితే తిండి పడకపోవడం వైపు ఎక్కువ అనుమానం పోతుంది. మా డాక్టర్లు కేసు షీటులో మొదట రాయమనేది కూడా ఇదే, ఏది ముందు ఏది తర్వాత అని.

మళ్లీ మా పిల్లవాడి దగ్గరికి. సూది వేసినాక కొంచెం కునుకు పట్టింది. తెల్లవారుజామున ఐదింటికి లేచి, "చిన్నమ్మా, బొడ్డు కాడ లేదు ఇప్పుడు, ఇగో ఇక్కడ" అని ఫోన్‌లో చెప్పాడు. వీడియో కాల్ పెట్టమన్నా. ఈసారి అరచేయి లేదు, ఒక్క వేలు. కుడి పక్క తుంటి ఎముక ముందుకు పొడుచుకొచ్చే చోటు నుంచి బొడ్డుకు గీత గీస్తే, ఎముక నుంచి మూడో వంతు దూరంలో ఆ వేలు ఉంది. దాన్ని మెక్‌బర్నీ పాయింట్ అంటారు. చార్లెస్ మెక్‌బర్నీ అనే అమెరికా సర్జన్ 1889లో రాసినప్పటి నుంచి ఆ పేరు. దగ్గమన్నా. దగ్గి, కళ్లు మూసుకొని అక్కడే పట్టుకున్నాడు. "అక్కా, నీళ్లు కూడా తాగనియ్యకు, ఆటో మాట్లాడు" అని చెప్పి ఫోన్ పెట్టేశా.

రాత్రికి రాత్రి లోపల ఏం మారిందంటే, ఉబ్బిన గోడలో ముందు రక్తం తిరిగి పోయే సన్నటి నాళాలు నొక్కుకుపోతాయి. గోడ ఇంకా వాస్తుంది, క్రిములు పెరిగి గోడలోకి దిగుతాయి. వాపు లోపలి పొర నుంచి బయటి పొర దాకా వచ్చాక, అపెండిక్స్ ఏ చోట తగులుతూ ఉంటే అక్కడ కడుపు గోడ లోపలి పొర కూడా రాజుకుంటుంది. ఆ పొరను పెరిటోనియం అంటారు. దీనికి నరాలు వచ్చేది పైనున్న కండకు, చర్మానికి వచ్చే నరాల నుంచే. చర్మం మీద చీమ కుడితే ఎక్కడ కుట్టిందో చెప్పగలిగినట్టే ఈ నొప్పి జాగ కూడా కచ్చితంగా తెలుస్తుంది. పైగా సాగుడు నొప్పికి మనిషి దొర్లుతాడు, పక్కలు మారుస్తాడు. ఈ నొప్పికి కదలకుండా పడుకుంటాడు, ఎందుకంటే కదిలితే పొర రాసుకుంటుంది. పైన కండ కూడా తనంతట తానే బిగుసుకుంటుంది.

ఆటోలో వస్తుంటే ప్రతి స్పీడ్ బ్రేకర్‌కు వాడు కుడి పక్క అదిమి పట్టుకొని మూలిగాడని అక్క చెప్పింది. ఇది ఊరికే చెప్పిన ముచ్చట కాదు. స్పీడ్ బ్రేకర్ మీద నొప్పి ఎక్కువైందా అని మా సర్జన్ నిజంగానే అడుగుతాడు. ఆస్పత్రికి వచ్చేసరికి జ్వరం 100 దాటింది. తెల్లకణాలు 14,600 ఉన్నాయి, మామూలుగా 11,000 లోపు ఉండాలి. అల్ట్రాసౌండ్‌లో అపెండిక్స్ మందం 9 మిల్లీమీటర్లు వచ్చింది, 6 దాటితే అనుమానించాలి. ప్రోబ్‌తో నొక్కినా అది అణగలేదు. మధ్యాహ్నం లాప్రోస్కోపీ చేశారు. అపెండిక్స్ మొదట్లో గట్టిపడ్డ మలం రాయి ఇరుక్కొని ఉంది. ఇంకా పగల్లేదు.

ఇంత వరుసగా అందరికీ జరగదు. బొడ్డు నుంచి కుడికి నొప్పి మారడం సుమారు సగం మందిలోనో, ఇంకొంచెం ఎక్కువ మందిలోనో కనిపిస్తుంది. మిగతావాళ్లలో ఎందుకు మారదో కూడా ఇదే లెక్కతో అర్థమవుతుంది. అపెండిక్స్ పెద్దపేగు సంచి వెనక నక్కి ఉంటే ముందు గోడకు తగలదు. మధ్యలో గ్యాస్ నిండిన సంచి అడ్డం ఉంటుంది. అప్పుడు నొప్పి నడుము వైపు పోతుంది, ముందు నొక్కితే పెద్దగా తెలియదు. కిందికి కటి గుంతలోకి వేలాడితే మూత్రాశయాన్నో మలాశయాన్నో రేపుతుంది. మాటిమాటికీ ఒంటేలు రావడం, కొంచెం కొంచెం విరేచనం కావడం అప్పుడే. వాళ్లను మూత్రంలో మంట అనో విరేచనాలు అనో పొరపాటు పడతారు. గర్భంతో ఉన్నవాళ్లకు నెలలు పెరిగే కొద్దీ గర్భసంచి పైకి నెడుతుంది కాబట్టి నొప్పి ఇంకా పైన రావచ్చు.

ఒక్క విషయంలో మాత్రం మీరు మోసపోవద్దు. నొప్పి ఉన్నట్టుండి తగ్గిపోతే బాగైందని కాదు. భూపాలపల్లి వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, "రాత్రి నొప్పి ఎటు పోయిందో పోయింది, గోళీ పని చేసిందనుకున్న" అన్నాడు. ఆయన కడుపు అప్పటికే చెక్కలా ఉంది. ఉబ్బిన గొట్టం పగిలితే సాగుడు పోతుంది, కాసేపు హాయిగా ఉంటుంది. ఆ తర్వాత చీము, మలం కడుపంతా పాకి, నొప్పి ఒక్కచోట కాకుండా మొత్తం అంటుకుంటుంది. నొప్పి మొదలై ఒకటిన్నర రోజు దాటితే పగిలే అవకాశం పెరుగుతూ పోతుంది.

అందుకే ఇలాంటి నొప్పి మీద ఆముదం తాగించడం, ఎనిమా పెట్టించడం, కడుపు రుద్దించడం వద్దు. మూసుకున్న గొట్టం మీద ఒత్తిడి పెంచితే పగలడానికి మనమే సాయం చేసినట్టు. ఆస్పత్రిలో డాక్టరు నొప్పి సూది వేస్తే భయపడకండి. దానివల్ల జబ్బు దొరకకుండా పోదని ఇప్పుడు తేలింది. ఇంట్లో సూది వేయించుకొని పొద్దున దాకా చూద్దామని పడుకుంటే మాత్రం పరీక్షించే మనిషి లేకుండా టైం పోతుంది, తేడా అదే.

ఆడపిల్లలైతే కుడి పక్క నొప్పికి అండాశయం మెలిపడడం, గర్భం ట్యూబులో నిలవడం కూడా కారణాలు కావచ్చు. పెళ్లి కాలేదు కదా అని మూత్ర పరీక్ష వద్దనకండి. ఇక స్కానింగ్‌లో అపెండిక్స్ కనపడలేదని రాస్తే లేదని అర్థం కాదు, గ్యాస్ అడ్డమొస్తే కనపడదు. అప్పుడు ఆరు గంటలకో పన్నెండు గంటలకో అదే డాక్టరు మళ్లీ చేయి పెట్టి చూడాలి, లేదా సీటీ తీయాలి. ఇంటికి పంపిస్తామంటే, మళ్లీ ఎప్పుడు చూస్తారో టైం అడిగి రాయించుకోండి.