ఆఫర్ మెయిల్‌కి రిప్లై ఎట్టా ఇవ్వాలి, ప్రొవిజినల్ సర్టిఫికెట్ ఇంకా రాలేదు

ప్రశ్న: సార్, మాది కావలి, ఈ సంవత్సరమే బీటెక్ అయిపోయింది. చెన్నై కంపెనీ నుంచి జులై 21 మంగళవారం ఆఫర్ లెటర్ వచ్చింది, 3 వర్కింగ్ డేస్ లోపల యాక్సెప్ట్ చేయమన్నారు. లెటర్‌లో జాయినింగ్ ఆగస్టు 3 అని ఉంది, మెయిల్‌లో మాత్రం ఆగస్టు 10 అని రాశారు. సప్లీలో ఒక సబ్జెక్ట్ క్లియర్ చేశాను కాబట్టి ప్రొవిజినల్ సర్టిఫికెట్, అదే పీసీ, లేట్ అవుతోంది, అప్లై చేశాను గానీ చేతికి రాలేదు. ఆధార్‌లో ఇంటిపేరు ఒక్క అక్షరమే ఉంది, పాన్‌లో పూర్తిగా ఉంది. ఇవన్నీ ఇప్పుడే అడిగితే ఆఫర్ వెనక్కి తీసుకుంటారేమో అని భయంగా ఉంది. పీసీ వచ్చినాక రిప్లై ఇవ్వొచ్చా?

జవాబు: వద్దు అబ్బయ్యా, పీసీ కోసం ఆగొద్దు. మంగళవారం వచ్చింది కాబట్టి బుధ, గురు, శుక్ర లెక్కేస్తే 24వ తేదీ సాయంత్రంతో గడువు అయిపోతుంది, నువ్వు గురువారమే పంపెయ్. ఆఫర్ ఒప్పుకోవడం ఒక పని, పీసీ లేట్ అవడం ఇంకో పని, రెండిట్నీ కలిపేస్తేనే తంటా. నా దగ్గరికి వచ్చిన ఒక పిల్లోడు రెండేళ్ల కిందట "నా ప్రొవిజినల్ లేటుగా తీసుకుంటానంటే నేను జాయిన్ అవుతాను" అని రాసి పంపాడు, వాడి దృష్టిలో అది ఒప్పుకున్నట్టే, అవతల హెచ్‌ఆర్ మాత్రం దాన్ని యాక్సెప్టెన్స్ కింద లెక్కేయలేదు, గడువు దాటిపోయింది, మళ్ళీ ఆఫర్ తెచ్చుకోవడానికి వాడు పడిన పాట్లు నేను చూశాను. తప్పు హెచ్‌ఆర్‌ది కూడా కాదు. 1872 నాటి కాంట్రాక్ట్ చట్టంలో 7వ సెక్షన్ చెప్పేది ఇదే, ఒప్పుకోవడం అనేది ఏ షరతూ లేకుండా పూర్తిగా ఉండాలి, "అయితే", "అంటే" అని మెలిక పెడితే అది ఒప్పుకున్నట్టు కాదు, నువ్వే కొత్త బేరం పెట్టినట్టు.

అందుకని మెయిల్‌లో మొదటి వాక్యం ఒంటరిగా నిలబడాలి. దానికంటే ముందు లెటర్ ఒక్కసారి నిదానంగా చదువు, డాక్యుమెంట్ల పేరాలో పీసీ "జాయినింగ్ రోజు" ఇవ్వాలని ఉందా, లేకపోతే "ఇన్ని రోజుల్లోపు" అని ఉందా చూడు. ఫ్రెషర్ల లెటర్లలో కొన్నిట్లో గడువు ఇస్తారు, కొన్నిట్లో ఇవ్వరు. గడువు రాసి ఉంటే నీ భయంలో సగం అక్కడే పోతుంది, ఆ పేరా నంబర్ చెప్పి అడగొచ్చు. జాయినింగ్ రోజే అని ఉంటే మాత్రం దాచొద్దు, సంతకం పెట్టినావంటే ఆ మాటకి కూడా ఒప్పుకున్నట్టే గదా, ఆ రోజు ఖాళీ చేతులతో నిలబడేకంటే ముందే చెప్పడం నీకే మేలు.

మెయిల్ ఇంగ్లీషులోనే రాస్తావు గానీ అందులో ఉండాల్సిన విషయం తెలుగులో చెప్తుండా, ఇదే వరసలో రాయి. ఆఫర్ వచ్చిన మెయిల్‌కే రిప్లై ఆల్ కొట్టు, సబ్జెక్ట్ మార్చొద్దు, కొత్త మెయిల్ మొదలుపెడితే వాళ్ళకి పాతది వెతుక్కునే పని పడుద్ది.

"జులై 21 తేదీతో మీరు పంపిన ఆఫర్ లెటర్‌ని, అందులోని పదవి, జీతం, నిబంధనలతో సహా ఒప్పుకుంటున్నాను. సంతకం చేసిన కాపీ జతచేశాను.

జాయినింగ్ తేదీ లెటర్‌లో ఆగస్టు 3 సోమవారం అని, మెయిల్‌లో ఆగస్టు 10 సోమవారం అని ఉంది. రెండు రోజుల్లో ఏ రోజైనా నేను రాగలను. ఏది ఖాయమో, ఎన్ని గంటలకి, ఏ ఆఫీసుకి రావాలో తెలియజేయగలరు.

డాక్యుమెంట్లలో ప్రొవిజినల్ సర్టిఫికెట్ ఒక్కటే పెండింగ్‌లో ఉంది. అన్ని సబ్జెక్టులూ పాసయ్యాను, మార్కుల మెమోలు, అప్లై చేసిన రసీదు జతచేశాను. అది వచ్చేలోపు కాలేజీ ఇచ్చే కోర్స్ కంప్లీషన్ సర్టిఫికెట్ సరిపోతుందా, అండర్‌టేకింగ్ ఏమైనా ఇవ్వాలా?

ఆధార్‌లో నా ఇంటిపేరు పొడి అక్షరంగా, పాన్‌లో పూర్తిగా ఉంది. దీనికి వేరే పత్రం ఏదైనా కావాలా?"

అంతే, కింద నీ పేరు టెన్త్ మెమోలో ఉన్నట్టు, ఫోన్ నంబర్. ఇంట్లో పరిస్థితి, కాలేజీ ఆలస్యం చేసిన సంగతి ఇవన్నీ వద్దు. చూడు, పీసీ గురించి చెప్పినా ఒప్పుకోవడం మీద అది షరతు అవలేదు, జరిగిన సంగతి చెప్పి ఏం చేయాలో అడిగావు అంతే.

పీసీ ఫలానా తేదీకి తెస్తానని మాత్రం ఎక్కడా రాయొద్దు, అది అనంతపురం యూనివర్సిటీ నుంచి కాలేజీకి రావాల్సింది, నీ చేతుల్లో లేదు. నువ్వు రాయగలిగింది అప్లై చేసిన తేదీ ఒక్కటే, దానికి రసీదు కూడా ఉంది. రేపే కాలేజీ ఆఫీసుకి పోయి కోర్స్ కంప్లీషన్ అడుగు, ప్రిన్సిపాల్ సంతకం, స్టాంపు ఉండాలి, సప్లీలో పాసైన సబ్జెక్ట్ మెమో పక్కన ఉంటేనే బ్యాక్‌లాగ్ లేదని తేలుతుంది కాబట్టి అది మర్చిపోవద్దు.

ఆధార్ సంగతి. జాయిన్ అయ్యేలోపు హడావిడిగా పోయి మార్పించొద్దు. ఆధార్‌లో పేరు జీవితంలో రెండుసార్లే మార్చుకోనిస్తారు, ఇంకోటి, మార్పు పెట్టినాక అది ఎప్పటికి అయిపోతుందో తేదీ చెప్పలేము, సరిగ్గా జాయినింగ్ వారంలో మధ్యలో ఉండిపోతే ఇంకా చికాకు. పీఎఫ్ నంబర్ ఆధార్‌లో ఉన్న పేరుతోనే పుడుతుంది, బ్యాంకు ఖాతా పేరు, పాన్ పేరు దాంతో కలవకపోతే పైసలు తీసుకునేటప్పుడు ఇబ్బంది, కాబట్టి మార్పించాల్సిందే గానీ వాళ్ళు ఏం కావాలంటారో విన్నాక టెన్త్ మెమోలో ఉన్నట్టు ఒకేసారి సరిచేయించుకో.

తేదీ విషయంలో ఊరికే వదిలేయొద్దు, ఎక్కువమంది దీన్నే పట్టించుకోరు. పినాకిని ఎక్కితే మధ్యాహ్నానికి గానీ సెంట్రల్ చేరవు, పొద్దున 9:30కి రమ్మంటే ఆదివారమే చెన్నైలో ఉండాలి, పీజీకి అడ్వాన్స్ కట్టాలి, వారం తేడా అంటే ఇంట్లో వాళ్ళకి ఖర్చే. పైగా లెటర్‌లో ఉన్న 3వ తేదీన రాలేదని, నువ్వు మెయిల్ నమ్ముకున్నానని, ఆ రోజు ఎవరితో వాదిస్తావు? జవాబు రాకపోతే 27 సోమవారం అదే మెయిల్ మీద రెండు లైన్లు గుర్తుచేస్తూ రాయి, సాయంత్రానికి కూడా రాకపోతే ఫోన్ చెయ్. ఫోన్‌లో "పర్లేదు, పీసీ తర్వాత ఇవ్వండి, 10కి రండి" అంటే అప్పుడే "మీరు ఫోన్‌లో చెప్పినట్టు" అని మొదలుపెట్టి ఆ మాట మెయిల్‌లో రాసి పంపు, వాళ్ళు సరే అని ఒక్క మాట రిప్లై ఇస్తే చాలు. ఫోన్‌లో మాట్లాడినామె ఆ రోజు సెలవులో ఉంటే ఆ మెయిలే నీకు ఆధారం. తేదీ ఖాయమయ్యేదాకా 3 అనుకునే సిద్ధంగా ఉండు.

సర్టిఫికెట్లు కంపెనీ పేరుతో ఉన్న మెయిల్ అడ్రస్‌కో, వాళ్ళ పోర్టల్‌లోనో పెట్టు, ఎవరిదో జీమెయిల్‌కి పంపమంటే ముందు కంపెనీ నంబర్‌కి చేసి కనుక్కో. పోర్టల్‌లో యాక్సెప్ట్ బటన్ ఉంటే మెయిల్ పంపినా సరే అది కూడా నొక్కాలి, కొన్ని కంపెనీల్లో లెక్కలోకి వచ్చేది అదే. ఒరిజినల్స్ జాయినింగ్ రోజు చూపించి తిరిగి తీసుకో, పీసీ వచ్చిన రోజు స్కాన్ చేసి మళ్ళీ ఇదే మెయిల్ మీద పంపు.