శీర్షికలో ‘రేపు’ వద్దు

తమ్ముడూ,

నువ్వు పంపిన శీర్షిక చూశాను. ‘ఇంటర్ విద్యార్థులకు బిగ్ అలర్ట్.. రేపే ఫలితాలు, ఇలా చెక్ చేసుకోండి’. ఇందులో అన్నిటికంటే నన్ను భయపెట్టింది ‘రేపే’ అన్న మాట.

దాన్ని ఒకమ్మాయి క్లాస్ గ్రూపులో పెడుతుంది. వాట్సాప్‌లో లింకు కింద కనబడే శీర్షిక పంపిన క్షణానిదే. తర్వాత నువ్వు మార్చినా అక్కడ మారదు. మర్నాడు సాయంత్రం చూసిన పిల్లవాడు ఇంకో రోజు ఆగాలనుకుంటాడు. నా మొదటి రోజుల్లో నేనూ ‘నేడే’ అని రాశాను. రెండు రోజుల తర్వాత కూడా పిల్లలు ‘ఇవాళ ఎన్నింటికి సార్?’ అని ఫోన్ చేస్తుంటే చాలా బాధనిపించింది.

2025 ఆంధ్రప్రదేశ్ ఇంటర్ ఫలితాలనే తీసుకో. ఏప్రిల్ 12, శనివారం ఉదయం 11 గంటలకు అని ముందు రోజే ప్రకటించారు. అప్పుడు ‘ఏపీ ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 12న, ఉదయం 11కి’ అని రాస్తే చాలు. ఎప్పుడు చదివినా అది తప్పు కాదు. ‘ఏపీ’ ముందే ఉండాలి. ఫోన్‌లో శీర్షిక చివర తెగిపోతుంది, మొదటి నాలుగైదు మాటలే ఖాయంగా కనబడతాయి. ఆ ఏడాది తెలంగాణ ఇంటర్ ఫలితాలు ఏప్రిల్ 22న వచ్చాయి. రాష్ట్రం పేరు లేకపోతే వరంగల్ పిల్ల కూడా నీ లింకు తెరిచి, తన హాల్ టికెట్ నంబర్ కొట్టి, వివరాలు రాక టెన్షన్ పడుతుంది.

పదకొండు కొట్టగానే ‘విడుదల’ అని మార్చేయకు. మంత్రి ప్రకటించడం వేరు, మార్కులు తెరపై కనబడటం వేరు. మధ్యలో సైట్ మొరాయించవచ్చు. తెలిసిన విద్యార్థి ఒకరి అనుమతితో వాళ్ల హాల్ టికెట్ నంబర్ కొట్టి, మార్కులు వచ్చాకే ‘ఏపీ ఇంటర్ ఫలితాలు 2025 విడుదల: మార్కులు ఇక్కడ’ అని మార్చు. అప్పటిదాకా తేదీ ఉన్న పాత శీర్షికే ఉంచు. పక్కవాళ్లు ముందే వేసేస్తారు, వేయనీ.

తర్వాత అందరూ చేసే పొరపాటు ఒకటుంది. ఆ ఏడాది సప్లిమెంటరీ పరీక్షలు మే 12 నుంచి 20 వరకు అని చెప్పగానే పాత వార్త శీర్షికనే దానికి మార్చేస్తారు. మార్కుల కోసం వెతికే పిల్లలు అప్పటికీ ఉంటారు. సప్లిమెంటరీకి వేరే వార్త రాయి. ఫెయిలైన పిల్లవాడు దాన్ని ఒంటరిగా, గుండె దడతో చదువుతాడు. అతనికి తేదీ, ఫీజు గడువు కావాలి. ‘షాక్’ లాంటి మాటలు అక్కడ అస్సలు రాయకు.

ప్రిపరేషన్ వార్తలకూ ఇదే లెక్క. ‘ఈఏపీసెట్‌కి ఇంకా 30 రోజులే’ అన్నది మర్నాటికి అబద్ధం. ‘ఈఏపీసెట్‌కి 30 రోజుల ప్లాన్’ అని రాస్తే ఆ అంకె ప్లాన్‌ది, ఎప్పుడు మొదలుపెట్టినా సరిపోతుంది.

పైన చెప్పిన శీర్షిక ఈ రాత్రే మార్చి, నాకు ఫోన్‌లోంచే పంపు. ఎక్కడ తెగుతుందో చూద్దాం.

మీ అన్నయ్య