మూసిన ట్రేడ్‌ల లెక్క సగం లెక్కే

ప్రశ్న: ప్రాఫిట్ ఫ్యాక్టర్, షార్ప్ రేషియో, మాక్సిమమ్ డ్రాడౌన్ మూడూ చూస్తున్నాను. నా ట్రేడింగ్ నిజంగా బాగుందో లేదో తెలుసుకోవడానికి దేన్ని నమ్మాలి?

వాటిని ఏ లెక్క మీద కట్టారో చూడకుండా మూడింటిలో ఏ ఒక్కదాన్నీ నమ్మకూడదన్నది నా గట్టి అభిప్రాయం. మూసేసిన ట్రేడ్‌లతో మాత్రమే లెక్క కడితే, ఈ మూడూ కలిసి ఒకే అబద్ధం చెబుతాయి. నా విషయంలో ఏడాది పాటు అదే జరిగింది.

ఆ ఏడాది నేను 60 ట్రేడ్‌లు చేశాను. మొదటి పెట్టుబడిని 100 అనుకుంటే, ఖర్చులు పోను లాభాల మొత్తం 48, నష్టాల మొత్తం 30, అంటే ప్రాఫిట్ ఫ్యాక్టర్ 1.6. స్టేట్‌మెంట్ ప్రకారం డ్రాడౌన్, అంటే శిఖరం నుంచి జరిగిన అతి పెద్ద పతనం, 112 నుంచి 103కు, సుమారు 8 శాతం. నెలకు సగటు రాబడి 1.4 శాతం, స్టాండర్డ్ డీవియేషన్ 2 శాతం. సగటు నుంచి భద్రమైన డిపాజిట్‌లో నెలకు వచ్చే 0.3 శాతాన్ని తీసేసి, మిగిలినదాన్ని డీవియేషన్‌తో భాగించి, 12 వర్గమూలంతో గుణిస్తే, రాబడిని దాని ఒడిదుడుకులతో పోల్చి చూపే షార్ప్ 1.9 వచ్చింది. ఆ అంకెలు చూసుకుని తరువాతి ఏడాది పొజిషన్ల పరిమాణాన్ని రెట్టింపు చేయాలని కూడా నిర్ణయించుకున్నాను.

అలా పెంచే ముందు ఒక రాత్రి కూర్చుని, ప్రతి రోజూ మార్కెట్ ముగిసేసరికి ఖాతా విలువ ఎంతో, తెరిచి ఉన్న పొజిషన్లతో సహా, వరుసగా రాసుకుంటూ వెళ్లాను. సంవత్సరం మధ్యలో ఏడు వారాల పాటు ఆ వరుస దిగుతూనే ఉంది. ఒక పొజిషన్ నష్టంలోకి వెళ్లినప్పుడు, నష్టం ఒక హద్దు దాటితే దాన్ని తనంతట మూసేసే స్టాప్‌లాస్‌ను తీసేసి, ధర పడిన ప్రతిసారీ మరికొంత కొని యావరేజ్ చేశానన్నది అప్పుడు గుర్తుకొచ్చింది. ఖాతా విలువ 114 నుంచి 91.2కు పడింది, అది సరిగ్గా 20 శాతం. ఆ గుంట నుంచి పాత శిఖరానికి చేరాలంటే 25 శాతం సంపాదించాలి. చివరికి ధర కోలుకోవడంతో ఆ పొజిషన్‌ను 0.5 లాభంతో మూశాను. అందువల్ల ఏడాదిలో నేను చేసిన అత్యంత ప్రమాదకరమైన పని స్టేట్‌మెంట్‌లో గెలిచిన ట్రేడ్‌గా నమోదైంది.

అడుగున మార్జిన్ చాలక ఆ పొజిషన్ బలవంతంగా మూతపడి ఉంటే దాని మీద 22 నష్టపోయేవాణ్ణి. అప్పుడు లాభాలు 47.5, నష్టాలు 52, ప్రాఫిట్ ఫ్యాక్టర్ 0.91 అయ్యేది. 1.6కూ 0.91కీ మధ్య ఉన్నది నా నైపుణ్యం కాదు, ధర తిరిగి లేచిన ఒక్క సంఘటన. ఇది చాలదన్నట్టు, మిగతా లాభాల్లో 15 ఒకే ట్రేడ్ నుంచి వచ్చాయి. దాన్ని పక్కన పెడితే 33ను 30తో భాగించగా మిగిలేది 1.1 మాత్రమే. ప్రాఫిట్ ఫ్యాక్టర్‌ను ఎవరు చెప్పినా, అతి పెద్ద గెలుపును తీసేస్తే ఎంత అని ముందు అడగాలి.

రోజువారీ విలువల నుంచి నెలల రాబడులను మళ్లీ కట్టినప్పుడు సగటు 1.5 శాతం, డీవియేషన్ 5 శాతం వచ్చి, షార్ప్ 0.83కు దిగింది. విలియం షార్ప్ 1966లో ఈ కొలతను మ్యూచువల్ ఫండ్లను పోల్చడానికి ప్రతిపాదించారు. ఫండ్ విలువలో అమ్మని షేర్ల ధర కూడా కలిసే ఉంటుంది. మనం మాత్రం అమ్మినవాటినే లెక్కపెట్టుకుని అదే పేరుతో చెప్పుకుంటున్నాం. పైగా ఒక్క ఏడాది రికార్డు మీద కట్టిన షార్ప్‌లో ప్రామాణిక దోషం, అంటే ఆ అంచనా అటూ ఇటూ తప్పగల మేర, సుమారు 1 ఉంటుంది కనుక, నా 0.83ను సున్నా నుంచి వేరు చేసి చూపించడానికి కూడా ఆ ఏడాది చాలదు. పరిమాణం రెట్టింపు చేసే ఆలోచనను అక్కడే మానుకున్నాను.

నాకు ఇప్పటికీ కోపం తెప్పించే విషయం, ట్రేడింగ్ యాప్‌లు మూసిన ట్రేడ్‌ల లాభాన్ని పెద్ద అక్షరాలతో ముందు పేజీలో పెట్టి, తెరిచి ఉన్న నష్టాన్ని ఇంకో పేజీలో ఉంచడం. ఆ ఏడు వారాలూ నేను ఆ రెండో పేజీ తెరవకుండానే రోజులు గడిపాను.

కనుక మీరు ముందు చూడవలసింది డ్రాడౌన్‌ను, అదీ రోజువారీ ఖాతా విలువ మీద. అయితే మధ్యలో డబ్బు వేసినా తీసినా ఆ వరుస కూడా చెడిపోతుంది. 114 నుంచి 95కు పడిన ఖాతాలో మరో 19 వేస్తే బ్యాలెన్స్ మళ్లీ 114 చూపిస్తుంది, నష్టం మాత్రం అలాగే ఉంటుంది. అందుకే ఫండ్ మాదిరిగా ఖాతాను యూనిట్లుగా భావించి, మొదట 1 విలువ గల 100 యూనిట్లతో మొదలుపెట్టి, కొత్త డబ్బు వేసిన రోజున యూనిట్ విలువ 0.95 అయితే 19కి 20 యూనిట్లు కలుపుకోండి. యూనిట్ విలువ 0.95 దగ్గరే నిలుస్తుంది. డ్రాడౌన్‌నూ షార్ప్‌నూ దాని మీదే లెక్కించండి.