స్క్రీన్‌షాట్ వచ్చింది సరే, డబ్బు వచ్చిందా?

ప్రశ్న: మాది పలాస. ఇంటి దగ్గరే జీడిపప్పు గ్రేడు చేసి విశాఖ, హైదరాబాద్ దుకాణాలకు పంపుతాను. పదిహేను రోజుల కిందట హైదరాబాద్ ఆయన రూ.46,800 బిల్లుకి రెండు స్క్రీన్‌షాట్లు పెట్టారు, ఒకటి రూ.36,800, ఇంకొకటి రూ.10,000. ‘ముట్టాయండి’ అని చెప్పి సరుకు వేసేశాను. అదే రోజు విశాఖ ఆయన కూడా అడ్వాన్సు రూ.10,000 వేశానన్నారు. ఖాతాలో పదివేలు ఒక్కటే ఉంది. ఇద్దరూ అది మాదే అంటున్నారు. ఈలోగా జీడి పిక్కల డబ్బు కట్టాల్సి వచ్చి యాప్‌లో రూ.25,000 అప్పు తీశాను. చేతికి రూ.23,250 వచ్చింది, 30 రోజులకి రూ.26,000 కట్టాలి. ఇకమీదట ఖాతా వివరాలు ఎలా పంపాలి? సిప్ మొదలుపెట్టవచ్చా?

జవాబు: ముందు ఆ పదివేలు ఎవరివో తేల్చుకోండి. ఇది వాదనతో తేలేది కాదు, నంబరుతో తేలేది. యూపీఐలో జరిగే ప్రతి చెల్లింపుకి 12 అంకెల నంబరు ఒకటి ఉంటుంది. దాన్ని యూటీఆర్ అంటారు. డబ్బు పంపినవారి స్టేట్‌మెంట్‌లో, మీ స్టేట్‌మెంట్‌లో కనిపించేది ఆ ఒక్క నంబరే. ఫోన్‌పేలో అయితే టీ అక్షరంతో మొదలయ్యే పొడుగాటి నంబరు పైన కనబడుతుంది. అది ఆ యాప్ సొంత లెక్క, బ్యాంకు స్టేట్‌మెంట్‌లోకి రాదు. చాలామంది దాన్నే పంపించి ‘మీకు ఎందుకు కనబడట్లేదు’ అని కోప్పడతారు. మీరు అడగాల్సింది దాని కింద UTR అని ఉండే 12 అంకెలు.

ఇక్కడొక జాగ్రత్త. మీ స్టేట్‌మెంట్ ఫొటో ముందుగా ఇద్దరికీ పెట్టకండి. అందులో నంబరు చూసి ‘అదే నాది’ అనడం ఎవరికైనా తేలికే. ఇద్దరినీ ఒకే మాట అడగండి: ‘పదివేలకి యూటీఆర్ నంబరు, ఏ పేరున్న ఖాతా నుంచి వేశారో పంపండి.’ పేరు ఎందుకంటే, దుకాణదారు కొడుకు ఫోన్ నుంచో బావమరిది ఫోన్ నుంచో వేసేస్తుంటారు, మీకు మాత్రం తెలియని పేరు కనబడుతుంది. స్టేట్‌మెంట్‌లో ఆ పదివేల ఎదురుగా ఉన్న 12 అంకెలతో ఎవరిది కలిస్తే డబ్బు వారిది.

నంబరు కలవని ఆయన ‘నా ఖాతాలో కట్ అయ్యిందండీ’ అంటారు. కట్ అయ్యి మీకు చేరకపోతే యూపీఐలో అది మర్నాటికల్లా ఆయన ఖాతాకి తిరిగి వెళ్లాలి. ఆలస్యమైతే బ్యాంకు రోజుకి రూ.100 చొప్పున ఆయనకే ఇచ్చుకోవాలి. 2019లో రిజర్వ్ బ్యాంకు పెట్టిన నిబంధన ఇది. కాబట్టి ఆ తేదీ నుంచి మూడు నాలుగు రోజుల స్టేట్‌మెంట్ చూసుకోమనండి. తిరిగి వచ్చిన పదివేలు అక్కడే ఉండొచ్చు, ఆయన గమనించి ఉండకపోవచ్చు. పదిహేను రోజులైనా ఇటూ రాలేదు, అటూ వెళ్లలేదు అంటే ఆయన బ్యాంకులో ఫిర్యాదు పెట్టి, ఆ ఫిర్యాదు నంబరు మీకు పంపాలి. నంబరూ లేదు, ఫిర్యాదూ లేదు, స్క్రీన్‌షాట్ ఒక్కటే ఉందంటే దాన్ని నమ్మే పని లేదు. అది దొంగ స్క్రీన్‌షాట్ అని తేలితే 1930కి ఫోన్ చేయండి.

మీ అసలు పొరపాటు ‘ముట్టాయండి’ అన్న ఆ ఒక్క మాట. ఎంత ముట్టింది, ఏ బిల్లుకి ముట్టింది అన్నది అందులో లేదు. పైగా రేపు ఆయన దాన్నే రసీదుగా చూపిస్తారు. ఇకనుంచి మీ సొంత యాప్‌లో ఖాతా తెరిచి చూశాకే జవాబు పెట్టండి. ఎస్సెమ్మెస్ చూసి కూడా కాదు, మామూలు మొబైల్ నంబరు నుంచి బ్యాంకు మెసేజ్‌లా రాసి పంపడం ఎవరికైనా చేతనవుతుంది. జవాబు ఇలా ఉండాలి: ‘బిల్లు 114. మొత్తం రూ.46,800. ఈరోజు ముట్టినది రూ.36,800, యూటీఆర్ చివర 7731. బాకీ రూ.10,000. అది చేరాక సరుకు వేస్తాను.’ బొటనవేలి బొమ్మ పెట్టి ఊరుకోవద్దు.

వివరాలు పంపేటప్పుడు పాస్‌బుక్ మొదటి పేజీ ఫొటో పెట్టే అలవాటు మన దగ్గర బాగా ఉంది. అందులో మీ చిరునామా, కస్టమర్ నంబరు కూడా పోతాయి. క్యాన్సిల్ చేసిన చెక్కు ఫొటోలో సంతకం ఉంటే అదీ పోతుంది. డబ్బు వేయడానికి ఇవేవీ అక్కర్లేదు. టైపు చేసి పంపండి. ఒక మెసేజ్‌లో బ్యాంకులో ఉన్న మీ పేరు, బ్యాంకు, బ్రాంచి, బిల్లు నంబరు, మొత్తం అంకెల్లోనూ అక్షరాల్లోనూ. ఖాతా నంబరు ఒక్కటే విడిగా ఇంకో మెసేజ్‌లో, ఐఎఫ్‌ఎస్‌సీ మూడో మెసేజ్‌లో. అప్పుడు ఆయన వేలు నొక్కిపట్టి కాపీ చేస్తే సరిపోతుంది, చూసి కొట్టే పని ఉండదు. ఐఎఫ్‌ఎస్‌సీ 11 అక్షరాలు, అయిదోది ఎప్పుడూ సున్నా. దాన్ని ఇంగ్లీషు O అక్షరంగా కొడితే తీసుకోదు. నెఫ్ట్‌లో డబ్బు ఖాతా నంబరును బట్టే పడుతుంది, పేరు తప్పయినా ఆగుతుందన్న భరోసా లేదు. 2025 ఏప్రిల్ నుంచి పంపేవారికి ముందుగా పేరు చూపించే ఏర్పాటు వచ్చింది కాబట్టి ‘పేరు కనబడిందా’ అని అడగండి. కొత్తవారైతే ముందు ఒక్క రూపాయి వేయించుకుని, దాని యూటీఆర్ సరిచూశాక మిగతాది.

ఇద్దరి డబ్బు కలిసిపోకుండా చిన్న ఉపాయం: గుండు అంకె అడగకండి. 114వ బిల్లుకి అడ్వాన్సు రూ.10,000 బదులు రూ.10,114 అడిగి, తుది లెక్కలో సర్దండి. చెల్లింపుతో రాసే నోట్‌ని చాలామంది ఖాళీగా వదిలేస్తారు, మొత్తాన్ని మాత్రం ఎవరూ వదిలేయలేరు.

ఇప్పుడు నాకు చిరాకు తెప్పించిన సంగతి. చేతికి వచ్చింది రూ.23,250, కట్టేది రూ.26,000. నెలకి రూ.2,750. మన లెక్కలో చెప్పాలంటే నూటికి దాదాపు పన్నెండు రూపాయల వడ్డీ. ఊళ్లో నూటికి మూడంటేనే ‘అమ్మో’ అంటాం కదా! యాప్‌లో అయ్యేసరికి అది వడ్డీలా కనబడలేదు. దీన్ని తీర్చడానికి ఇంకో యాప్ మాత్రం తెరవకండి. డ్వాక్రా సంఘంలో ఉంటే అక్కడ అడగండి, లేదంటే బ్యాంకులో బంగారం పెట్టి గడువులోపే మూసేయండి.

డబ్బు చూడకుండా సరుకు ఎందుకు వేశారు? పిక్కల బాకీ నెత్తిమీద ఉంది కాబట్టి, ఈ అమ్మకం జారిపోతే కష్టమని. చేతిలో ఒక విడత పిక్కల డబ్బు ఉన్నవారు ‘రేపు ఖాతా చూసి వేస్తానండి’ అని నింపాదిగా అంటారు. అందుకే మీకు కావాల్సింది అత్యవసర నిధి, అదీ అమ్మకాల డబ్బు పడే ఖాతాలో కాదు, యూపీఐ కలపని వేరే పొదుపు ఖాతాలో. పిక్కలకి పాతికవేలు కావాల్సి వచ్చింది కాబట్టి రెండు విడతలకి యాభై వేలు పెట్టుకోండి. ప్రతి బిల్లులో నూటికి అయిదు తీస్తే, ఇలాంటి బిల్లుకి రూ.2,340 పక్కకి వెళ్తుంది. ఇరవై రెండు బిల్లుల్లో నిండుతుంది.

ఆరోగ్య బీమా లేకపోతే ఆ తర్వాత అది. సిప్ మాట యాప్ అప్పు తీరి, ఆ యాభై వేలు నిండాక.