మొదటి మిద్దె తోటకు విత్తనాలా, నారు మొక్కలా?

ప్రశ్న: ఈ జూన్‌లో హైదరాబాద్‌లోని మా మిద్దెపై తొలిసారిగా పది సంచుల్లో టమాట, వంగ, మిరప, బెండ, బీర, ఒక వెడల్పాటి తొట్టిలో తోటకూర వేయాలనుకుంటున్నాము. నర్సరీలో బెండ, బీర మొక్కలు కూడా అమ్ముతున్నారు. అన్నీ మొక్కలే కొనవచ్చా?

జవాబు: టమాట, వంగ, మిరపలకు నారు కొనండి, బెండ, బీర, తోటకూరలకు విత్తనమే వేయండి. ఈ తేడా వేరును బట్టి వస్తుంది. టమాట, వంగ, మిరప మొక్కలు నాటేటప్పుడు కొన్ని వేళ్లు తెగినా త్వరగా కొత్త వేళ్లు వేసుకుంటాయి. బెండకు తల్లివేరు దెబ్బతింటే, బీరకు లేత వేళ్లు తెగితే మొక్క చాలా రోజులు ఎదగకుండా నిలిచిపోతుంది. ఈలోగా పక్క సంచిలో నేరుగా విత్తిన గింజ దానిని దాటిపోతుంది. నానబెట్టిన బెండ గింజలు సాధారణంగా వారంలోపే మొలుస్తాయి కనుక మొక్క కొనడం వల్ల కలిసివచ్చే కాలమూ తక్కువే.

మిరప విషయం వేరు. గింజ మొలవడానికే పది రోజుల వరకు పడుతుంది, నారు నాటే దశకు రావడానికి ఐదారు వారాలు కావాలి. ఆ కాలమంతా తడి ఎక్కువైతే నారుకుళ్లు సోకి, మొలక మొదలు నేల మట్టంలో నీరుపట్టినట్లు మెత్తబడి, సన్నబడి పడిపోతుంది. కొత్తగా పెంచేవారు ఎక్కువగా నష్టపోయేది ఇక్కడే. పైగా ఒక గ్రాము టమాట విత్తనంలో సుమారు 300 గింజలుంటాయి. మీకు కావలసినవి మూడు మొక్కలు. కాబట్టి మూడు టమాట, రెండు వంగ, రెండు మిరప, అదనంగా ఒకటి రెండు మొక్కలు తీసుకుంటే చాలు. మిగిలిన మూడు సంచుల్లో రెండింటిని బెండకు, అన్నిటికంటే పెద్దదానిని బీరకు ఉంచండి.

కొనేటప్పుడు ఎత్తును చూసి మోసపోవద్దు. నాలుగైదు ఆకులతో పొట్టిగా, కాండం గట్టిగా ఉన్న నారు మేలు. అప్పటికే పూత వేసినది ముదిరిన నారు. ఆకు అడుగున తెల్లదోమ ఉన్నా, ఆకులు ముడుచుకున్నా వదిలేయండి, ఎందుకంటే ఆ ముడత వైరస్ వల్ల వచ్చినదైతే తగ్గించే మందు లేదు. గుంతల్లో కొబ్బరి పొట్టు నింపి నారు పెంచే ప్రోట్రే నుంచి ఒక మొక్కను తీయించి చూడండి. వేళ్లు తెల్లగా ఉండి కొబ్బరి పొట్టును విడిపోకుండా పట్టుకోవాలి.

సాయంత్రం పూట నాటండి. టమాట కాండం కొంత మట్టిలోకి దిగినా అక్కడ వేళ్లు వస్తాయి; వంగ, మిరపలను మాత్రం ట్రేలో ఉన్న లోతులోనే నాటాలి. మూడు నాలుగు రోజులు మధ్యాహ్నపు ఎండ తగలకుండా నీడ కల్పించండి. మధ్యాహ్నం వాడి సాయంత్రానికి తేరుకుంటే భయం లేదు. తెల్లవారుజామున కూడా వాడి ఉంటే నీరు మళ్లీ పోసే ముందు మట్టిలోకి వేలు పెట్టి తడి చూడండి, తడిగానే ఉంటే వేరు కుళ్లుతున్నట్లు అనుమానించాలి.

బీర గింజలను రాత్రంతా నానబెట్టి, సంచికి మూడు చొప్పున రెండు సెంటీమీటర్ల లోతున వేసి, మొలకతో వచ్చే మొదటి జత ఆకుల తర్వాత రెండు నిజమైన ఆకులు వచ్చాక బలమైన ఒక్కదానిని ఉంచి మిగిలినవి పీకకుండా కత్తిరించండి. తోటకూర గింజలను పొడి ఇసుకలో కలిపి పలుచగా చల్లండి.